ఇనప నాణేల బరువు, కాగితం మీద గురి

అందరికీ నమస్కారం. కాగితపు డబ్బు అనగానే చాలామంది కుబ్లాయ్ ఖాన్ దగ్గర, మార్కో పోలో దగ్గర మొదలుపెడతారు. నేను అక్కడికి వెళ్లను. వాళ్లు వచ్చేసరికి ఈ కథ మొదలై రెండు వందల యాభై ఏళ్లు దాటింది, అందులో అసలు విషయం అప్పటికే జరిగిపోయింది కూడా. ఇవాళ నేను ఒకే ఊరి గురించి మాట్లాడతాను. చైనాకి నైరుతిలో, చుట్టూ కొండలున్న సిచువాన్ ప్రాంతంలో, చెంగ్డూ అనే ఊరు. కాలం సుమారు వెయ్యేళ్ల కిందట, సాంగ్ రాజుల పాలన.

ఆ రోజుల్లో చెంగ్డూ బజారులో సన్నటి పట్టుబట్ట ఒక తాను కొనాలంటే 20,000 ఇనప నాణేలు ఇవ్వాలి. ఇనప నాణేలే, రాగివి కావు. వాటి బరువు అప్పటి లెక్కలో 130 జిన్‌లు, అంటే మన కిలోల్లో 80 పైచిలుకు. ఒక తాను బట్ట చంకలో పెట్టుకుని తెచ్చుకోవచ్చు, దానికి ఇచ్చే డబ్బు మాత్రం ఇద్దరు మనుషులు కావడి కట్టి మోయాలి. నాణేలకి మధ్యలో చదరపు కన్నం ఉంటుంది కాబట్టి వెయ్యేసి తాడుకి గుచ్చి దండలా కట్టేవాళ్లు. ఇనప నాణేల దండ ఒకటి నాలుగు కిలోలుంటుంది. మూడు దండలో ఐదు దండలో దాటితే చేత పట్టుకుని తిరగడం కష్టమని ఆనాటి రికార్డుల్లోనే రాసి ఉంది.

ఇనుము ఎందుకంత పట్టుబట్టి వాడారు అని మీకు అనిపించాలి. వాళ్ల ఇష్టమేం కాదు. 965లో సాంగ్ సైన్యం సిచువాన్‌ని గెలిచింది. గెలిచినవాళ్లు అక్కడున్న రాగిని రాజధాని కైఫెంగ్‌కి తరలించుకుపోయారు. సిచువాన్ జనానికి ఇనుము మిగిల్చారు. రాగి బయటి దేశాలకి పోకూడదు, సరిహద్దు ప్రాంతంలో ఇనుమే తిరిగితే రాగి మన లోపలే ఉంటుంది అన్నది రాజధాని లెక్క. దానికి తోడు కొన్నాళ్లు పన్నుల్లో కొంత భాగం రాగిలోనే కట్టమన్నారు! ఊళ్లో రాగి లేదు, పన్నుకి రాగి కావాలి. ఒక రాగి నాణేనికి 14 ఇనప నాణేలు పలికిన రోజులున్నాయి. జనం బుద్ధ విగ్రహాల నుంచి రాగి గీకారు, ఇంట్లో గిన్నెలు కరిగించారు, పాత సమాధులు తవ్వారు. చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది, కానీ ఇనుము మాత్రం పోలేదు.

ఇక్కడ ముందు వరసలోంచి ఒకరు అడుగుతున్నారు, అంత బరువైతే వెండి వాడుకోవచ్చు కదా అని. మంచి ప్రశ్న. వెండి ఉంది, కానీ నాణెంగా లేదు. ముద్దలుగా ఉండేది, తూచి ఇచ్చుకోవాలి, ప్రతిసారీ నాణ్యం చూడాలి. పెద్ద మొత్తాలకి పనికొస్తుంది తప్ప తేయాకు కొట్టు దగ్గర రోజువారీ బేరానికి పనికిరాదు.

డబ్బుని మోయకుండా కాగితం మోయడం అనే ఆలోచన మాత్రం చెంగ్డూ వాళ్లది కాదు, అంతకు ముందు నుంచే ఉంది. 800 సంవత్సరం దాటాక తాంగ్ రాజుల కాలంలో, దక్షిణాది తేయాకు వర్తకులు రాజధాని చాంగాన్‌లో సరుకు అమ్ముకునేవాళ్లు. వచ్చిన రాగి నాణేలని అంత దూరం ఎద్దుబండ్ల మీద తీసుకెళ్లడం ఒక తలనొప్పి, దారిలో దొంగలు ఇంకో టెన్షన్. అదే సమయంలో రాష్ట్రాలవాళ్లకి రాజధానిలో డబ్బు కావాలి, అక్కడ వాళ్ల కార్యాలయాలు ఉన్నాయి. కాబట్టి వర్తకుడు రాజధానిలో తన రాష్ట్రపు కార్యాలయంలో డబ్బు కట్టేస్తాడు, వాళ్లు ఒక చీటీ రాసి రెండు ముక్కలు చేసి ఒకటి అతనికిస్తారు, రెండోది ఊరికి పంపిస్తారు. ఊరికెళ్లి ముక్కలు కలిస్తే డబ్బు తీసుకోవచ్చు. మన హుండీ వ్యాపారం తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. జనం దీనికి పెట్టిన పేరు ‘ఎగిరే డబ్బు’.

812లో కేంద్ర ప్రభుత్వం ఈ వ్యాపారం తన చేతిలోకి తీసుకుంది. వెయ్యికి 100 నాణేలు రుసుము పెట్టింది. ఒక్క వర్తకుడూ రాలేదు. చివరికి రుసుము ఎత్తేసి, ఎంత కడితే అంత ఇస్తామంటే అప్పుడు వచ్చారు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి. చైనాలో చక్రవర్తి ఏం చెబితే జనం అది చేసేవాళ్లని మనం ఊహించుకుంటాం. డబ్బు విషయంలో వర్తకుడు రాకపోతే చక్రవర్తి కూడా ఏమీ చేయలేకపోయాడు.

కానీ ఎగిరే డబ్బు ఇంకా డబ్బు కాదు. అది ఒక చోట కట్టి ఇంకో చోట తీసుకునే రసీదు. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి సరుకు కొనడం అన్నది చెంగ్డూలోనే మొదలైంది.

993లో సిచువాన్‌లో తిరుగుబాటు లేచింది. ప్రభుత్వం తేయాకు, బట్టల వ్యాపారాన్ని తన గుప్పిట్లోకి లాక్కోవడం వల్ల చితికిపోయిన చిన్న వర్తకులు, రైతులు అందులో ఉన్నారు. నాయకులు వాంగ్ శ్యావ్‌బో, అతని తర్వాత లీ షున్. 994లో చెంగ్డూ వాళ్ల చేతికి చిక్కింది కూడా. ఆ గొడవల్లో ఇనప నాణేలు పోతపోసే పని ఆగిపోయింది. అంటే మోయలేని నాణేలు కూడా ఇప్పుడు దొరకడం లేదు! అప్పుడే ఊళ్లో వ్యాపారులు సొంతంగా చీటీలు రాసి ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువైంది. వాటిని జియావ్‌జీ అనేవాళ్లు. మొదట్లో అంతా గందరగోళమే. ఎవడు పడితే వాడు రాసేవాడు, మోసాలు, కోర్టు గొడవలు, దొంగ చీటీలు.

1005 ప్రాంతంలో చెంగ్డూ పాలకుడుగా ఉన్న ఝాంగ్ యోంగ్ దీన్ని కాస్త దారిలో పెట్టాడు. ఊళ్లో పెద్ద ధనవంతుల ఇళ్లు 16 ఉన్నాయి. చీటీలు ఇచ్చే పని వాళ్లకే అప్పగించారు. దానికి బదులుగా వాళ్లు ప్రభుత్వానికి ఏటా కొన్ని ఖర్చులు భరించాలి. ధాన్యపు గిడ్డంగుల లెక్క తీసేటప్పుడు మనుషుల్ని పెట్టడం, ఊరి నీటి ఆనకట్ట మరమ్మతులకి సామాను, కూలీ ఇవ్వడం లాంటివి. 16 ఇళ్లవాళ్లూ ఒకే రకం కాగితం వాడేవాళ్లు. దాని మీద ఇళ్లు, చెట్లు, మనుషుల బొమ్మలు అచ్చు వేసేవాళ్లు. ఆ పైన ప్రతి కొట్టూ తన సొంత గుర్తు, రహస్య సంకేతం, ఎర్ర సిరా, నల్ల సిరా ముద్రలు కలగలిపి వేసేది. ఇది చెంగ్డూలోనే జరగడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఆ ఊరు అచ్చు పనికి పెట్టింది పేరు. 971 నుంచి 983 దాకా మొత్తం బౌద్ధ త్రిపిటకాన్ని 1,30,000 చెక్క పలకల మీద చెక్కింది అక్కడే. చెట్టు బెరడుతో చేసే గట్టి కాగితం కూడా ఆ ప్రాంతంలో పుష్కలం.

మొత్తం ఎంతన్నది మాత్రం అచ్చు వేయరు. అది చేత్తో రాస్తారు. మీరు నాణేలు తెచ్చి కొట్లో పోస్తే, ఎంత పోశారో అంతే రాసి ఇస్తారు. మళ్లీ తిరిగొచ్చి నాణేలు కావాలంటే వెయ్యికి 30 కోసుకుని ఇస్తారు.

ఈ 30 దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నా ఉద్దేశంలో రసీదు డబ్బుగా మారడానికి ఇది చాలా సాయం చేసింది. ఒక పట్టు వర్తకుడి దగ్గర 20 దండల చీటీ ఉందనుకుందాం. దాన్ని కొట్టుకి తీసుకెళ్లి నాణేలు చేసుకుంటే 600 నాణేలు పోతాయి, పైగా 80 కిలోల ఇనుము ఇంటికి మోసుకెళ్లాలి. అదే చీటీని అలాగే నేతగాడికో తేయాకు తోటవాడికో ఇచ్చేస్తే పైసా పోదు. ఆ తోటవాడికీ అదే లెక్క. అంటే చీటీని మార్చుకోవడం కన్నా చేతులు మార్చడమే ప్రతివాడికీ లాభం. అలాగని మార్చుకోలేని పరిస్థితి కాదు, కొట్టు అక్కడే ఉంది, అనుమానం వస్తే ఇవాళే వెళ్లి తెచ్చుకోవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇనుము వస్తుందన్న ధీమా ఉంది కాబట్టే ఎవరూ ఇనుము అడగలేదు. మొదట గురి కుదిరింది ఇలాగే.

ఇక అది చెడింది ఎలాగో చూడండి. ఏటా పట్టుపురుగుల గూళ్లు, వరి, గోధుమ చేతికొచ్చే సమయంలో ఊళ్లో కొనుగోళ్లు విపరీతంగా పెరుగుతాయి. ఎవరూ నాణేలు అడగడం లేదని కొట్లవాళ్లకి ఎప్పుడో అర్థమైపోయింది. కాబట్టి ఆ సీజన్‌లో ఒకటి రెండు విడతలు అదనంగా చీటీలు అచ్చు కొట్టి, వాటితోనే సరుకు కొని గిడ్డంగుల్లో నింపుకునేవాళ్లు. నాణెం పోతపోసినంత సులువుగా అని ఆనాటి రికార్డు వర్ణన. ఎవరూ నాణేలు కట్టకుండానే పుట్టిన చీటీలన్నమాట. ఆ లాభాలతో ఇళ్లు, కొట్లు, తోటలు, పొలాలు, నగలు కొన్నారు. వర్తకం తెలిసినవాళ్లకి ఇక్కడే ఏం జరగబోతోందో తెలిసిపోతుంది. కొట్టు పెట్టెలో ఉండాల్సిన ఇనుము తోటగా, మేడగా మారిపోయింది. మేడని దండకి గుచ్చి ఎవరికీ ఇవ్వలేరు.

ఒక రోజు జనం గుంపుగా వచ్చి మా డబ్బు ఇమ్మన్నారు. కొట్లవాళ్లు తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు. బయట అరుపులు, తోపులాటలు. ప్రభుత్వం మనుషుల్ని పంపి రాజీ చేసింది. రాజీ అంటే, వెయ్యి నాణేల చీటీకి మహా అయితే 700 లేదా 800 చేతిలో పెట్టారు. ఎక్కువ దెబ్బ తగిలింది బీదవాళ్లకేనని రికార్డు రాసినాయన కూడా చెప్పాడు, అందులో అనుమానం ఏముంది, ముందు వరసలో నిలబడి తెచ్చుకోగలిగినవాడు ఎప్పుడూ పెద్ద వర్తకుడే.

1020ల మొదట్లో కౌ జ్యెన్ అనే పాలకుడు విసిగిపోయి మొత్తం మూయించేశాడు. వాంగ్ చాంగ్‌యీ వగైరా కొట్లవాళ్లని పిలిపించి, బాకీలు తీర్చి దుకాణం కట్టేయమన్నాడు. ఇకమీదట చీటీలే వద్దు అని రాజధానికి రాశాడు. ఆయన తర్వాత వచ్చిన శ్యూయె త్యెన్ ఊరు చూశాడు. చీటీలు లేవు, బజారులో బేరాలూ తగ్గిపోయాయి. మళ్లీ అదే 80 కిలోల ఇనుము. చీటీల పద్ధతి జనానికి ఎంతో కాలంగా అనుకూలంగా ఉందని, దాన్ని ప్రైవేటు వాళ్ల చేతిలో కాకుండా ప్రభుత్వమే నడపాలని రాశాడు. నాకు ఈ వాదన చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో చక్రవర్తి గొప్పతనం గురించి ఒక్క ముక్క లేదు, బజారు గురించే ఉంది.

1023 చివర్లో చెంగ్డూలో ప్రభుత్వ జియావ్‌జీ కార్యాలయం పెట్టారు. 1024 మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, వాళ్ల క్యాలెండర్‌లో రెండో నెలలో, మొదటి విడత నోట్లు బయటికొచ్చాయి. లెక్కపెట్టుకోదగ్గ సంగతి ఇది. ఒక విడతకి గరిష్ఠంగా 12,56,340 దండలు. దానికి వెనక పెట్టిన నిల్వ 3,60,000 దండల ఇనప నాణేలు. అంటే నూటికి 29 కూడా లేదు. 16 ఇళ్లవాళ్లు దివాలా తీసిన పద్ధతినే ప్రభుత్వం చేసిందా అంటే, పైకి అలాగే కనిపిస్తుంది. తేడా అంతా నియమాల్లో ఉంది.

పని జరిగే తీరు చూడండి. ఒక దండ నుంచి పది దండల దాకా మొత్తం రాసిన నోట్లు ముందే తయారుచేసి, ప్రతిదానికీ నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించి, నోటు మీదా పుస్తకం మీదా ముద్ర పడ్డాకే అధికారి దగ్గర తాళం వేసి పెడతారు. వర్తకుడు పెద్ద ఇనప నాణేలు తెచ్చినా చిన్నవి తెచ్చినా లెక్కకట్టి ఖజానాలో వేసి తాళం వేస్తారు. వెయ్యికి 30 మినహాయించి, పుస్తకంలో నంబరు సరిచూసి నోటు ఇస్తారు. ఆ నోటు ఎప్పుడు తిరిగొచ్చినా మళ్లీ అదే పుస్తకంతో సరిచూసి, కొట్టివేసి, పుస్తకంలోనూ కొట్టివేస్తారు. దొంగ నోటు చేసేవాడు బొమ్మని చెక్కగలడు, సిరా కలపగలడు, కానీ ఆ నంబరు పుస్తకంలో ఉండాలి, అప్పటికే కొట్టివేసి ఉండకూడదు.

చైనా కాగితం డబ్బు సంగతి విని ముచ్చటపడినవాడు మన దగ్గరా ఒకడున్నాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్, యువరాజుగా ఉండగా ఓరుగల్లు మీదకి దండెత్తినవాడే. 1330 ప్రాంతంలో రాగి, ఇత్తడి నాణేలనే వెండి టంకాలుగా తీసుకోమన్నాడు. నంబరు లేదు, పుస్తకం లేదు, ఏ కంసాలి అయినా కొట్టుకోగలిగిన నాణెం. ఇంటింటా టంకశాల వెలిసిందని, చివరికి సుల్తాను వాటికి వెండి ఇచ్చి వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందని, తుగ్లకాబాద్‌లో అవి గుట్టలుగా పడి ఉన్నాయని ఆనాటి చరిత్రకారుడు బరనీ రాశాడు. చైనా నుంచి ఆలోచన వచ్చింది, పుస్తకం మాత్రం రాలేదు.

చెంగ్డూ నోట్లకి ఇంకో నియమం ఉంది, అది మనకి వింతగా తోస్తుంది. నోటుకి గడువుంది. ఒక విడత నోట్లు రెండేళ్లు చెల్లుతాయి. రెండేళ్లు కాగానే పాతవి తెచ్చి కొత్త విడత నోట్లు తీసుకోవాలి, మళ్లీ వెయ్యికి 30 రుసుము. గడువున్న నోటంటే ఎవరైనా భయపడాలి కదా! ఇక్కడ వర్తకులకి అది ధైర్యం ఇచ్చింది. బెరడు కాగితం ఎంత గట్టిదైనా రెండేళ్లు చేతులు మారితే చిరుగులు పడుతుంది, అది ఒక కారణం. కానీ అంతకన్నా ముఖ్యం, రెండేళ్లకోసారి ఊళ్లో ఉన్న నోట్లన్నీ కార్యాలయానికి తిరిగిరావాలి. ప్రభుత్వం ఎన్ని నోట్లు వదిలిందో దాచిపెట్టే వీలు తగ్గిపోతుంది. దొంగ నోటు ఎంత బాగా చేసినా దాని ఆయుష్షు రెండేళ్లే. 16 ఇళ్లవాళ్ల దగ్గర లేనిది సరిగ్గా ఇదే, వాళ్ల లెక్క బయటపడే రోజంటూ ఒకటి ముందే రాసి పెట్టలేదు. జనం ఎగబడ్డ రోజే అది బయటపడింది.

1039లో చేత్తో మొత్తం రాయడం మానేసి, పది దండల నోటు, ఐదు దండల నోటు అని రెండే రకాలు పెట్టారు. అది పనిని తేలిక చేసింది, అంతే. అసలు నియమాలు, అంటే విడతకి పరిమితి, వెనక 3,60,000 దండల నిల్వ, రెండేళ్ల గడువు, అవి మారలేదు. దాదాపు యాభై ఏళ్లు చెంగ్డూ వర్తకులు ఆ నోట్లతోనే తేయాకు, పట్టు కొన్నారు, అమ్మారు.

తర్వాత యుద్ధం వచ్చింది. వాయవ్యంలో శీ శ్యా రాజ్యంతో సాంగ్ ప్రభుత్వం పోట్లాటలకి అంతు లేదు, సైన్యానికి తిండి, గుర్రాలకి దాణా కావాలి. 1072లో రెండు విడతల నోట్లు ఒకేసారి చెల్లుబాటు కావడానికి ఒప్పుకున్నారు. చిన్న మార్పులాగే ఉంటుంది, కానీ పాతది వెనక్కి రాకముందే కొత్తది బజారులో ఉంటుంది కాబట్టి ఒక్క దెబ్బతో నోట్లు రెట్టింపు. 1100 దాటాక ఆపేవాళ్లే లేరు. 1107 నాటికి నోట్లు 1024 నాటి విడతకి 20 రెట్లు దాటాయి. పాత నోట్లు నాలుగు తెస్తే కొత్తది ఒకటి ఇచ్చారు. ఆ ఏడాదే నోటు పేరు కూడా మార్చాలని నిర్ణయించారు, జియావ్‌జీ పోయి చ్యెన్‌యిన్ వచ్చింది. ఇక్కడో తమాషా ఉంది. పేరు మార్చిన కొత్తలో, 43వ విడత నోట్లని మాత్రం పాత ముద్రలతోనే వేశారు, జనానికి అనుమానం రాకుండా ఉండాలని! విలువ నాలుగో వంతుకి పడిపోయాక ముద్ర చూసి ఎవరు మోసపోతారు? తర్వాత కొన్నేళ్లలో వెనక నిల్వ అన్నదే లేకుండా అచ్చు కొట్టారు. వెయ్యి నాణేల నోటుకి బజారులో పది పన్నెండు నాణేలు ఇచ్చే స్థితి వచ్చింది.

మామూలుగా ఈ కథని ఇక్కడితో ఆపేసి, చూశారా కాగితం డబ్బు ఎప్పటికైనా ఇంతే అనేస్తారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది చాలామంది చెప్పరు. 1110లో ఝాంగ్ షాంగ్‌యింగ్ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన కొత్త నోటు కనిపెట్టలేదు, దొంగ నోట్లవాళ్లకి కొత్త శిక్షలూ వేయలేదు. పాత పద్ధతి మళ్లీ పెట్టమని ఆజ్ఞ తెచ్చాడు, అంటే విడతకి పరిమితి, వెనక నాణేల నిల్వ. కొన్నేళ్ల తర్వాత ఆయనే రాజుకి సమర్పించిన నివేదికలో, పాత పద్ధతి అమల్లోకి వచ్చినప్పటి నుంచి నోటు ధర మళ్లీ కుదుటపడిందని రాశాడు.

ప్రశ్నలుంటే అడగండి.